వడ్లకూ బియ్యానికీ మధ్య పలుపు

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో వడ్ల ధరను, ఉదయగిరిలో బియ్యం ధరను పదిహేనేళ్ల పాటు నెలనెలా రాసుకుంటూ వస్తే రెండు వరుసలు తయారవుతాయి. రెండూ పైకే పోతాయి. ఒక్కోటీ విడిగా చూస్తే ఎటు తిరుగుతుందో చెప్పలేని నడక. ఈ నెల ధర ఎక్కడుంటే వచ్చే నెల అక్కడి నుంచే మొదలవుతుంది. పాత స్థాయికి తిరిగి రావాలన్న నియమం దేనికీ లేదు. అయినా ఆ రెండూ ఒకదాన్నొకటి వదిలి ఎంతో దూరం పోలేవు. విడివిడిగా అదుపు లేని రెండు వరుసల మధ్య దూరానికి మాత్రం అదుపు ఉంటే ఆ సంబంధాన్ని గణాంక శాస్త్రంలో కోఇంటిగ్రేషన్ అంటారు. దూరం పెరిగినప్పుడు దాన్ని తిరిగి తగ్గించే కదలిక పేరు దోష సవరణ. ఇక్కడ దోషం అంటే ఎవరో చేసిన తప్పు కాదు, ఉండవలసిన దూరానికీ ఉన్న దూరానికీ మధ్య తేడా.

ఈ జంటకు ఆధారం ఆ నేలలోనే ఉంది. పెన్నా మీద కట్టిన సోమశిల జలాశయం నీళ్లు కాలువల గుండా ఆత్మకూరు వైపు పారతాయి, వరి పండుతుంది. ఉదయగిరి వైపు కొండలు, మెట్ట పొలాలు. చెరువు నిండిన ఏడాదో, బోరు వేసిన చోటో తప్ప వరి నాటరు. కాబట్టి ఒకవైపు వడ్లు అమ్మే ఊళ్లు ఎక్కువ, మరోవైపు బియ్యం కొనే ఇళ్లు ఎక్కువ. మధ్యలో ఉండేది రైసు మిల్లు.

ఆ మిల్లే రెండు ధరలనూ కట్టే పలుపు. ప్రభుత్వం మిల్లుల లెక్క చూసేటప్పుడు నూరు కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం రావాలని కొలత పెట్టుకుంది. అంటే క్వింటాలు బియ్యం కావాలంటే సుమారు క్వింటాలున్నర వడ్లు ఆడించాలి. 100ను 67తో భాగిస్తే 1.49 వస్తుంది. వడ్ల ధర క్వింటాలుకు రూపాయి పెరిగితే బియ్యం ధర చివరికి రూపాయిన్నర దాకా పెరగాలి. దీనికి ఆడించే కూలి, గోతాలు, లారీ బాడుగ, వ్యాపారి లాభం కలపాలి. తవుడు, ఊక, నూక అమ్మితే వచ్చే డబ్బు తీసేయాలి. మిగిలిన మొత్తాన్ని a అనుకుంటే దీర్ఘకాలిక సంబంధం ఇలా ఉంటుంది:

```
R = a + b·P + u
```

R ఉదయగిరిలో క్వింటాలు బియ్యం ధర, P ఆత్మకూరులో క్వింటాలు వడ్ల ధర, b దాదాపు 1.5. చివరనున్న u ఆ నెలలో ఉన్న ఎడం. P, R రెండూ ఎంత దూరమైనా పోవచ్చు. u మాత్రం సున్నా చుట్టూ తిరుగుతుంటేనే కోఇంటిగ్రేషన్ ఉన్నట్టు. b విలువ ఎంత ఉండాలో లెక్క వేయకముందే మిల్లు చెప్పేయడం ఈ ఉదాహరణలోని సుగుణం. లెక్కలో 1.5 దగ్గర రావలసిన చోట 0.8 వస్తే ముందు మన అంకెల్ని అనుమానించాలి, మిల్లును కాదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పైకి పోయే ఏ రెండు వరుసలైనా చూపుకు కలిసే నడుస్తున్నట్టుంటాయి. సాధారణ రకం వడ్లకు కేంద్రం ఇచ్చే మద్దతు ధర 2004-05లో క్వింటాలుకు 560 రూపాయలు, 2014-15లో 1,360, 2024-25లో 2,300. ఇదే ఇరవై ఏళ్లలో బంగారం ధర పెరిగింది, ఉదయగిరి బస్టాండులో టీ ధర పెరిగింది, మోటారు సైకిళ్ల సంఖ్య పెరిగింది. వీటిలో ఏ రెంటికి సహసంబంధం కట్టినా 0.9 దాటిపోవడం వింత కాదు. బంగారానికీ వడ్లకూ మధ్య మాత్రం మిల్లు లేదు. రేపు బంగారం రెట్టింపైతే వడ్లను వెనకాలే లాక్కొచ్చే శక్తి ఎక్కడా లేదు.

ఈ మోసాన్ని మొదట వివరంగా పట్టి చూపినవాడు బ్రిటిష్ గణాంకవేత్త ఉడ్నీ యూల్. 1866 నుంచి 1911 దాకా ఇంగ్లండులో జరిగిన పెళ్లిళ్లలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పద్ధతిలో జరిగిన వాటి వాటాను, అదే కాలపు మరణాల రేటును తీసుకుంటే సహసంబంధం 0.95 వచ్చిందని ఆయన 1926లో రాశాడు. రెండూ తగ్గుతూ వచ్చాయి, అంతే. చర్చిలో పెళ్లి చేసుకుంటే చావు దగ్గరపడుతుందని ఎవరూ అనరు. 1974లో క్లైవ్ గ్రేంజర్, పాల్ న్యూబోల్డ్ ఇదే సంగతిని ఇంకో రకంగా చూపారు. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని యాదృచ్ఛిక నడకలను జంటలు జంటలుగా తయారు చేసి, ఒకదాన్ని రెండోదానితో వివరించే మామూలు సమీకరణం వేశారు. మామూలు పరీక్ష నాలుగింట మూడు వంతుల సార్లు ‘సంబంధం ఉంది’ అని చెప్పింది. నిజానికి అది నూటికి ఐదు సార్లకు మించి పొరబడకూడదు.

దానితో చాలామంది స్థాయిలను పక్కన పెట్టి మార్పులనే చూడటం మొదలుపెట్టారు. ఈ నెల ధరలో నుంచి పోయిన నెల ధర తీసేస్తే పెరుగుదల పోతుంది, దొంగ సంబంధం కూడా పోతుంది. అయితే వడ్లు, బియ్యం విషయంలో ఈ మందు రోగంతో పాటు ఆరోగ్యాన్ని కూడా తీసేస్తుంది. వడ్లు ఈ నెల ఎంత పెరిగాయో, బియ్యం ఈ నెల ఎంత పెరిగిందో మాత్రమే చూస్తే బియ్యం ఇప్పటికే వెనకబడి ఉందా, ముందుకు పోయి ఉందా అన్నది కనిపించదు. వెనకబడి ఉంటే వడ్లు కదలకపోయినా బియ్యం పెరగాలి. ఆ సమాచారం స్థాయిల్లోనే ఉంది.

వెనకబాటును సమీకరణంలో పెట్టడం గ్రేంజర్ కంటే ముందే ఉంది. డెనిస్ సార్గన్ 1964లో బ్రిటన్ కూలి రేట్లు, ధరల మీద రాసిన వ్యాసంలో ఆ పద్ధతి వాడాడు. 1978లో డేవిడ్ హెండ్రీ తన సహచరులతో కలిసి గృహ ఖర్చులకు వాడాడు. గ్రేంజర్‌కు అది నచ్చలేదు. స్థిరం లేని రెండు వరుసల తేడా స్థిరంగా ఉండగలదని హెండ్రీ అంటే, కుదరదని నిరూపిస్తానని గ్రేంజర్ కూర్చున్నాడు. కూర్చుంటే తేలింది హెండ్రీ మాటే. ఈ సంగతి గ్రేంజర్ స్వయంగా నోబెల్ ఉపన్యాసంలో చెప్పుకున్నాడు. రాబర్ట్ ఎంగిల్‌తో కలిసి ఆయన రాసిన 1987 నాటి వ్యాసం ఈ రంగానికి మూలం. 2003లో ఆర్థిక శాస్త్ర నోబెల్ ఇద్దరికీ వచ్చింది. ఆ వ్యాసంలోని అసలు ఫలితం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: రెండు వరుసలు కోఇంటిగ్రేట్ అయి ఉంటే వాటిలో కనీసం ఒకదాని కదలికలో దోష సవరణ ఉండి తీరాలి. పలుపు ఉంటే లాగుడు ఉండాలి. పలుపుకు కట్టిన రెండు మేకల్లో ఏదీ లాగబడకపోతే అది పలుపే కాదు.

ఆ లాగుడును రాసే తీరు ఇది:

```
ΔR(t) = α·u(t−1) + γ·ΔP(t) + e(t)
u(t−1) = R(t−1) − a − b·P(t−1)
```

Δ అంటే ఈ నెల వచ్చిన మార్పు, వారవారీ లెక్కలో అయితే ఈ వారం వచ్చిన మార్పు. α రుణ సంఖ్య కావాలి: బియ్యం ఉండవలసిన దానికంటే పైనుంటే కిందికి, కింద ఉంటే పైకి నడిపించేది అదే. γ అప్పటికప్పుడు కనిపించే ప్రభావం. దాని సంగతి ఇక్కడ అంత ముఖ్యం కాదు.

అంకెలు వేసి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కింది ధరలు లెక్క కోసం అనుకున్నవే, ఏ మార్కెట్టులోనూ రాసుకున్నవి కావు. వడ్లు క్వింటాలు 2,400, b 1.5, a 300 అనుకుంటే బియ్యం 3,900 ఉండాలి. అలాగే ఉంది కూడా. ఒక వారం వడ్లు ఒక్కసారిగా 2,600 అయ్యాయి. ఇప్పుడు బియ్యం ఉండవలసిన చోటు 4,200. ఉదయగిరి కొట్లలో పాత ధరకు తెచ్చిన బస్తాలు ఇంకా ఉన్నాయి, బోర్డు మీద 3,900 అలాగే ఉంది. ఎడం మైనస్ 300.

α మైనస్ 0.2 అనుకుంటే కొత్త వారంలో బియ్యం ఎడంలో అయిదో వంతు, అంటే 60 రూపాయలు పెరుగుతుంది. ఎడం 240. తరువాతి వారం 48 పెరుగుతుంది, ఎడం 192. ఆపై 38, ఎడం 154. మూడు వారాలు దాటేసరికి ఎడంలో సగం పూడింది. చివరి రూపాయి ఎప్పటికీ పూర్తిగా పూడదు, మెల్లగా కనుమరుగవుతుంది. అందుకే ఈ రంగంలో ‘ఎన్నాళ్లకు సరిపోతుంది’ అని అడగరు, ‘ఎన్నాళ్లకు సగమవుతుంది’ అని అడుగుతారు. α మైనస్ 0.2 అయితే ఆ సగకాలం 3.1 వారాలు, మైనస్ 0.05 అయితే పదమూడు వారాలు దాటుతుంది.

ఇక్కడ బియ్యం ఒక్కటే కదిలింది. వడ్లు కూడా కొంచెం వెనక్కి రావచ్చు. బియ్యం అమ్ముడు ధర పెరగకపోతే మిల్లరు ఆ ధరకు వడ్లు కొనడానికి వెనకాడతాడు. వడ్ల సమీకరణంలో ఎడం ముందు 0.05 ఉందనుకుంటే మొదటి వారంలో వడ్లు 15 తగ్గి 2,585కు, బియ్యం 60 పెరిగి 3,960కు వస్తాయి. బియ్యం ఉండవలసిన చోటు ఇప్పుడు 4,177 రూపాయల 50 పైసలు, ఎడం 217.50. ఇద్దరూ నడిస్తే దారి త్వరగా తరుగుతుంది, సగకాలం రెండు వారాల చిల్లరకు పడిపోతుంది.

ఈ రెండు సంఖ్యల్లో ఏది పెద్దది, ఏది సున్నాకు దగ్గర అన్నదే ఈ పద్ధతి ఇచ్చే అతి విలువైన సమాచారం. ఉదయగిరి చిన్న మార్కెట్టు. అక్కడి కొనుగోళ్లు వడ్ల ధరను కదిలించేంత పెద్దవి కావు కాబట్టి అక్కడి బియ్యానికి α గట్టిగా రుణాత్మకంగా ఉండి, ఆత్మకూరు వడ్లకు సున్నా దగ్గర ఉంటుందని ఆశించడం సహజం. అలా వస్తే వడ్లు నడిపించే ధర, బియ్యం అనుసరించే ధర. తిరగబడితే, అంటే వడ్లే బియ్యం వెంట పోతుంటే, రైతు ధర పట్నం బియ్యం బజారులో తయారవుతోందని అర్థం. దీర్ఘకాలిక సమీకరణం ఈ రెండు సందర్భాల్లోనూ ఒకటే. నడిపించేవారెవరో దాన్ని చూసి చెప్పలేరు.

పరీక్షించే పద్ధతి మూడు మెట్లు. ముందుగా ఒక్కో ధరా నిజంగానే తిరిగిరాని నడకా కాదా చూడాలి. దీనికి డేవిడ్ డికీ, వేన్ ఫుల్లర్ 1979లో ఇచ్చిన పరీక్ష ఉంది. ఈ నెల స్థాయి ఎక్కువగా ఉంటే వచ్చే నెల మార్పు కిందికి మొగ్గుతుందా అన్నదే అది అడిగే ప్రశ్న. మొగ్గకపోతే ఆ వరుసలో యూనిట్ రూట్ ఉందంటారు. రెండో మెట్టులో R ను P మీద పెట్టి గీత వేసి, మిగిలిన u లను తీస్తారు. మూడో మెట్టులో ఆ u ల మీద మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. ఈసారి మొగ్గాలి.

మూడో మెట్టులో చాలామంది జారిపడతారు. ఒక వరుస మీద నేరుగా డికీ-ఫుల్లర్ పరీక్ష చేస్తే నూటికి అయిదు స్థాయిలో దాటవలసిన గడప మైనస్ 2.86. u ల మీద చేసినప్పుడు రెండు వరుసలకు అది మైనస్ 3.34 దాకా దిగుతుంది. కారణం సులువు. u లు దొరికినవి కావు, చేసినవి. గీతను వీలైనంత దగ్గరగా వేసి మిగిల్చినవి కాబట్టి అవి సహజంగానే అణకువగా కనిపిస్తాయి. సంబంధం లేని వరుసలకు కూడా గీత తన పని తాను చేస్తుంది. అందుకే గడపను ఇంకా కిందికి దించాలి. మైనస్ 3.0 వచ్చిందని సంతోషించిన వ్యాసాలు ఈ తేడా చూడనివే. b ను లెక్క కట్టకుండా మిల్లు చెప్పిన 1.49నే నేరుగా వేస్తే మాత్రం u లు చేసినవి కావు, పాత గడపే చాలు. రంగం తెలిసినవాడికి దక్కే లాభం అది.

పరీక్షకు బలం వచ్చేది అంకెల సంఖ్యతో కాదు, కాలం పొడవుతో. ఒక్క ఏడాది రోజువారీ ధరలు మూడు వందలున్నా, ఎడం పెరిగి మళ్లీ తగ్గిన సందర్భాలు అందులో రెండో మూడో ఉంటాయి. పదిహేనేళ్ల నెలవారీ ధరలు 180 మాత్రమే, కానీ అలాంటి రాకపోకలు డజన్లు దొరుకుతాయి. ఎడం పెరిగిందా, తిరిగి తగ్గిందా తెలియాలంటే ఎక్కువసార్లు చూడటం కన్నా ఎక్కువకాలం చూడటం అవసరం.

నెల్లూరు వరుసల్లో అంకెలు సమకూర్చే దశలోనే కొన్ని గోతులుంటాయి. ఇక్కడ వడ్ల ధర పుట్టి లెక్కన చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 అంటే పుట్టికి 19,720. పుట్టి ధరను క్వింటాలుగా మార్చడం మరిచిపోతే b ఎనిమిదిన్నర రెట్లు తగ్గిపోతుంది. ఇది వెంటనే దొరికే తప్పు. బస్తా లెక్క దొరకనిది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్టు బియ్యం మీద అయిదు శాతం జీఎస్టీ పడింది. దాన్ని తప్పించుకోవడానికి 26 కిలోల బస్తాలు బజారులోకి వచ్చాయి. బస్తా ధర రాసుకుంటూ పోయినవారి వరుసలో ఆ నెల బియ్యం ధర నాలుగు శాతం పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి పెరిగింది బరువు.

రకం కూడా ఒకటే అయి ఉండాలి. పాత బియ్యానికి కొత్త బియ్యం కంటే ధర ఎక్కువ. నెల్లూరులో ప్రధాన పంట కోతలు ఎండలు ముదిరే వేళకు వస్తాయి, తరువాత ఎడగారు పంట. కోతల సమయంలో కొట్టులో ఉండే బియ్యం పాతది, కల్లంలో వడ్లు కొత్తవి. ఈ రెంటినీ జత చేస్తే ఏటా అదే నెలల్లో ఎడం పెరిగి తగ్గుతుంది. అది ధరల మధ్య లాగుడు కాదు, క్యాలెండరు. నెల నెలకూ వేరే స్థిరాంకం పెట్టి దాన్ని తీసేశాకే α ను నమ్మాలి. లేకపోతే పంట చక్రాన్ని దోష సవరణగా చదివే ప్రమాదం ఉంది. రేషను బియ్యాన్ని ఈ లెక్కలో కలపకూడదు. దాని ధర మిల్లు లెక్కతో కాదు, ప్రభుత్వ నిర్ణయంతో నిలబడి ఉంటుంది.

ఇంతకంటే లోతైన చిక్కు a తో వస్తుంది. పైన దాన్ని 300గా నిలిపేశాం గాని పదిహేనేళ్లలో హమాలీ కూలి, కరెంటు, డీజిలు అన్నీ పెరిగాయి. అంటే a కూడా ఒక పెరిగే వరుస. దాన్ని స్థిరంగా పట్టుకుంటే u మెల్లగా పైకి జారుతుంది, పరీక్ష ‘పలుపు లేదు’ అంటుంది. మిల్లు కళ్లెదుటే ఆడుతుండగా పలుపు లేదన్న ఫలితం వస్తే మూడో వరుస ఏదో తప్పిపోయిందని గ్రహించాలి. ధరలన్నిటినీ సాధారణ ధరల సూచీతో భాగించడం ఒక మార్గం. డీజిలు ధరను కూడా సమీకరణంలోకి తెచ్చి మూడు వరుసల మధ్య సంబంధం వెతకడం ఇంకో మార్గం. అప్పుడు పలుపులు ఒకటికి మించి ఉండవచ్చు. అవి ఎన్నో తేల్చే పద్ధతిని సోరెన్ యోహాన్సెన్ 1988లో ఇచ్చాడు.

పలుపు పొడవే ఒక్కసారిగా మారే సందర్భం మరొకటి. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది, 2024 సెప్టెంబరు చివర ఎత్తేసింది. ఆ పద్నాలుగు నెలల్లో మిల్లు తెల్ల బియ్యానికి విదేశీ గిరాకీ దాదాపు మూసుకుపోయింది. మిల్లరు లాభం, పాత నిల్వల ధర, రైతుకు ఇవ్వగల ధర వేరే తూకంలో పడే అవకాశం ఉంది. ఇలాంటి విరుపును లెక్కలోకి తీసుకోని పరీక్ష రెండు నిజమైన ముక్కలను ఒకే గీతతో కొలిచి, ఎడం తిరిగి రావడం లేదని చెబుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, షికాగోలో డాక్టరేటు చేసి, అమెరికాలోనే స్థిరపడిన తెలుగు ఆర్థికగణాంకవేత్త జి.ఎస్. మద్దాల 1998లో ఇన్-మూ కిమ్‌తో కలిసి రాసిన గ్రంథం పేరులోనే యూనిట్ రూట్లు, కోఇంటిగ్రేషన్, నిర్మాణ మార్పు మూడూ పక్కపక్కన ఉన్నాయి. విరుపు ఎప్పుడో ముందే తెలిస్తే ఆ తేదీ నుంచి a ను మారనివ్వడం చాలు. తెలియకపోతే ప్రతి నెలనూ విరుపుగా అనుకుని ఒక్కోసారి పరీక్షించి, అన్నిటికంటే గట్టిగా పలుపు కనబడిన నెలను తీసుకుంటారు. అలా ఏరుకున్నందుకు మళ్లీ గడప ఇంకా కిందికి దిగుతుంది, మైనస్ 4.6 దాకా.